సవరణ: ఫ్రాన్సు రాజు బట్టతల గురించి

తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ గురించి ముందటి వ్యాసంలో నేను రాసిన మాట: “‘ఇప్పటి ఫ్రాన్సు రాజు బట్టతలవాడు’ అన్న వాక్యం రసెల్ దృష్టిలో నిజమూ కాదు, అబద్ధమూ కాదు.”

ఇది తప్పు. ఆ అభిప్రాయం 1950లో రసెల్‌ను విమర్శించిన మరో తత్వవేత్త స్ట్రాసన్‌ది. ఆ వాక్యం అబద్ధమనే 1905లో రసెల్ తేల్చాడు. ఆయన లెక్కలో ‘ఇప్పటి ఫ్రాన్సు రాజు’ ఎవరికీ పేరు కాదు. వాక్యాన్ని విప్పితే ఆ పదబంధమే మాయమవుతుంది. మిగిలేది ఇది: ఇప్పుడు ఫ్రాన్సుకు రాజు ఒకడున్నాడు, అటువంటివాడు ఒక్కడే, అతనికి బట్టతల. మొదటి ముక్కే అబద్ధం కనుక మొత్తం అబద్ధం. రాజు లేనంత మాత్రాన అర్థం చెడదు.

నన్ను తప్పుదారి పట్టించింది ‘బట్టతలవాడు కాదు’ అన్న వాక్యం. అదీ అబద్ధమే అయితే, వాక్యమూ దాని వ్యతిరేకమూ రెండూ అబద్ధమై తర్కం కూలుతుందని కంగారుపడ్డాను. నిజానికి దాన్ని రెండు రకాలుగా చదవవచ్చు. ‘రాజున్నాడు, అతనికి బట్టతల లేదు’ అంటే అబద్ధం. ‘బట్టతల రాజు ఉన్నాడన్నది నిజం కాదు’ అంటే నిజం. మొదటి వాక్యానికి అసలైన వ్యతిరేకం ఈ రెండోదే. ఆ తేడా చూడక, స్ట్రాసన్ జవాబును రసెల్ నోట పెట్టాను.