కొబ్బరి చెట్టుకు లిఫ్టు: విచారణ నివేదిక

మా కోనసీమలో పండే పంటల లెక్కల్లో వెటకారం ఉండదు గానీ, వరి, కొబ్బరి తర్వాత ఎక్కువ దిగుబడి దానిదే. నీటి తీరువా లేదు, తుపానుకు ఒరిగిపోదు. పెళ్ళికి ఆలస్యంగా వచ్చినవాణ్ణి "మీకోసం ముహూర్తం ఆపించామండి, ఆయ్" అని పలకరిస్తాం. ఆయన నొచ్చుకోడు. ఆ "ఆయ్" దగ్గర గొంతు ఎంత సాగిందో ఆయన చెవికి తెలుసు. చిక్కంతా ఫోను వచ్చాక మొదలైంది. అందులో అక్షరం వెళ్తుంది, సాగదీత వెళ్ళదు.

ఈ సంక్షోభం మీద ఉన్నతస్థాయి విచారణ జరగాలని నాకు నేనే నిర్ణయించుకుని, ఒక కమిటీ వేశాను. చైర్మన్ నేను. సభ్యుడు మా బాబాయి. కార్యాలయం అంబాజీపేట రోడ్డు పక్కన టీ కొట్టు. విచారణాంశం ఒక్కటే: కొబ్బరి చెట్టుకు లిఫ్టు.

ఎన్నికల వేళ మా ఊరి గ్రూపులోకి ఒక మీమ్ వచ్చింది. మా ప్రాంతం నాయకుడొకాయన చెయ్యెత్తి మాట్లాడుతున్న ఫోటో, కింద టీవీలో బ్రేకింగ్ న్యూస్ వచ్చినట్టు ఎర్ర పట్టీ. "ప్రతి కొబ్బరి చెట్టుకూ లిఫ్టు. మొవ్వు దగ్గర ఏసీ గది. దింపు కార్మికులకు పైనే టిఫిను." ఓ మూల చిన్న అక్షరాల్లో మీమ్ పేజీ పేరు, "సరదాకే" అన్న మాట ఉన్నాయి. ఎకరానికి అరవై పైచిలుకు చెట్లుండే తోటలో అన్ని లిఫ్టులు పెడితే కాయలు దింపే చోటేదీ అని అందరం నవ్వుకున్నాం. ఆయన పార్టీవాళ్ళూ నవ్వారు. ఆయన మైకు పట్టుకుంటే హామీలు ఎంత ఎత్తుకు పోతాయో మాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు.

పది రోజులు పోయాక అదే ఫోటో మళ్ళీ వచ్చింది. ఈసారి లిఫ్టు లేదు, ఏసీ లేదు. "కొబ్బరి చెట్టు ఎక్కే యంత్రానికి 90 శాతం సబ్సిడీ. ఈ నెలాఖరు వరకే. ఆధార్, పాస్‌బుక్ వివరాలతో కింది లింకులో నమోదు చేసుకోండి." మూలనున్న పేజీ పేరును కత్తిరించేశారు. కమిటీ సభ్యుడు మా బాబాయి ఈసారి నవ్వలేదు. పట్టాదారు పాస్‌బుక్ మూడు జిరాక్సులు తీయించాడు.

ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. చెట్టెక్కే యంత్రం నిజంగానే ఉంది. కొచ్చిలోని కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి ఆ యంత్రంతో చెట్టెక్కడం మీద శిక్షణ కూడా ఇప్పిస్తోంది. సబ్సిడీలూ ఉంటాయి, గడువులూ ఉంటాయి. రెండో బొమ్మలో ఉన్నవన్నీ విడివిడిగా లోకంలో ఉన్నవే. కలిపి చూస్తేనే లేవు. మొదటి బొమ్మలో ఒక్క ముక్కా నిజం కాదు, దానివల్ల ఎవరికీ పైసా నష్టం లేదు. అందుకని కమిటీ ఒక పాత నమ్మకాన్ని రద్దు చేసింది: హామీ పెద్దదైతే అనుమానించాలి, చిన్నదైతే నమ్మొచ్చు అన్నది. వెటకారం చేసేవాడు మనం నమ్మకుండా ఉండాలని అంకెను పెంచుతాడు. మోసం చేసేవాడు మనం నమ్మాలని తగ్గిస్తాడు. చెట్టుకో లిఫ్టు అన్నవాడు మన పాస్‌బుక్ అడగలేదు కదా.

అయితే మోసమంతా అంకెల్లోనే జరగదు. ఎక్కువగా వ్యాకరణంలో జరుగుతుంది. తెలుగు మాస్టార్లు విని సంతోషించాల్సిన విషయమిది.

2013 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్ సభలో నరేంద్ర మోదీ, విదేశీ బ్యాంకుల్లో దాచిన నల్లధనం తిరిగి వస్తే ఒక్కో పేదవాడికి ఊరికే 15, 20 లక్షలు వస్తాయన్నారు. ఆ డబ్బెంత పెద్దదో చెప్పడానికి వేసిన లెక్క అది. తర్వాత మీముల్లో అది "అందరి ఖాతాలో 15 లక్షలు వేస్తాను" అయింది. మధ్యలో పోయింది "వస్తే"లోని "తే". ఒక్క అక్షరం రాలిపోగానే లెక్క కాస్తా హామీ అయింది. ఇందులో నాయకుల అమాయకత్వమేమీ లేదు. "తే"ను నెమ్మదిగా, "15 లక్షల"ను గట్టిగా పలికేవాళ్ళకు, జనం ఏది ఇంటికి పట్టుకెళ్తారో తెలియకపోదు. 2015లో అమిత్ షా అది జుమ్లా, అంటే మాటవరసకు అన్న మాట అని తేల్చేశారు. కాబట్టి "నా 15 లక్షలేవీ" అని ఖాళీ పాస్‌బుక్ బొమ్మ పెడితే అది వెటకారం, న్యాయమైన వెటకారం. "ఫలానా తేదీన వేస్తానని ఆయన రాసిచ్చారు" అంటే అబద్ధం. రెంటి మధ్యా ఉన్నది ఒక్క "తే".

రెండో కోత ఇంకా సులువు. 2017 నవంబరులో గుజరాత్‌లోని పాటన్‌లో రాహుల్ గాంధీ బంగాళాదుంప రైతుల గురించి మాట్లాడుతూ, ఇటువైపు దుంప వేస్తే అటువైపు బంగారం వచ్చే యంత్రం పెడతానని మోదీ అన్నారంటూ ఎద్దేవా చేశారు. ఇవి నా మాటలు కావు, ఆయన మాటలు అని కూడా చెప్పారు. అవతలివాళ్ళ హామీలను సాగదీసి వెక్కిరించడం మన వీధి అరుగుల మీద రోజూ జరిగే పనే. వీడియోకు ముందూ వెనకా కత్తిరించేసరికి, దుంపలోంచి బంగారం తీస్తానని రాహుల్ గాంధీయే హామీ ఇచ్చినట్టు దేశమంతా తిరిగింది. ఇక్కడ పోయింది "అట". "యంత్రం పెడతాడట" అన్నది "యంత్రం పెడతాను" అయింది. వెక్కిరించినవాడి నోట్లోనే వెక్కిరింతను కుక్కి, మళ్ళీ అతణ్ణే వెక్కిరించారు. పనితనం మాత్రం ఒప్పుకోవాల్సిందే.

ఈ రెండూ విన్నాక మా బాబాయి, "మరి కోసేసిన ముక్కను చూసి ఏం కోశారో ఎలా తెలుస్తుందిరా?" అన్నాడు. కమిటీలో వచ్చిన పనికొచ్చే ప్రశ్న ఇదొక్కటే.

వీడియో అయితే మొదటి మాట వినాలి. మనిషి సగం వాక్యంలోంచి, సగం ఊపిరిలోంచి మొదలెడితే ముందేదో పోయిందని లెక్క. పేరు, ఊరు, నెల కొట్టి వెతికితే పెద్ద నాయకుల సభలు చాలావరకు మొత్తంగా దొరుకుతాయి. వాళ్ళ పార్టీవాళ్ళే పెట్టుకుంటారు. ఆ ముక్క ఉన్నచోటికి ఒక నిమిషం ముందు, ఒక నిమిషం వెనక వింటే "తే"లూ "అట"లూ బయటపడతాయి.

బొమ్మ అయితే గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడొచ్చు. మేమూ పెట్టాం. ఫోటో నిజమైనదే, పాత సభదే అని తేలింది. బాబాయి వెంటనే "చూశావా, నిజమే!" అని జిరాక్సుల కవరు తీశాడు. ఇక్కడే జాగ్రత్త పడాలి. లెన్స్ చెప్పేది ఫోటో ఎక్కడిదో, దానిమీద రాసిన మాట ఎవరిదో కాదు. కాకపోతే అదే ఫోటోతో ఉన్న మిగతా బొమ్మలు కూడా వరసగా చూపిస్తుంది. వాటిలో మూల కత్తిరించని లిఫ్టు బొమ్మ దొరికింది. రెండూ పక్కపక్కన పెడితే పట్టీ అదే ఎరుపు, అక్షరాలు మాత్రం వేరు.

వాట్సాప్‌లో ఆ మెసేజీ మీద రెండు బాణాలున్నాయి. అంటే పంపినవాడి దగ్గర పుట్టలేదు, కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని. నిజమనీ కాదు, అబద్ధమనీ కాదు. "మా బావమరిది పంపాడు, వాడు అబద్ధమాడడు" అనే సాక్ష్యం మాత్రం అక్కడితో చెల్లదు.

లింకు సంగతి తేల్చడానికే అరగంట పట్టింది. అందులో gov.in అనే అక్షరాలు ఉన్నాయి మరి! ఉండటం కాదు, ఎక్కడున్నాయన్నది చూడాలి. https:// తర్వాత మొదటి ఏటవాలు గీత వచ్చేలోపు, చిట్టచివర gov.in ఉండాలి, దాని ముందు చుక్క ఉండాలి. మా లింకులో దాని ముందు అడ్డగీత ఉంది, దాని తర్వాత ఇంకో పేరు కూడా ఉంది. మా ఊరి పేరు చివర "రాజధాని" అని తగిలించుకున్నంత మాత్రాన సచివాలయం ఇక్కడికి రాదు కదా.

ఇన్ని పరీక్షలూ చేసి అలిసిపోయాక, టీ పోస్తున్న కొట్టు యజమాని అడక్కుండానే తీర్పు చెప్పేశాడు: "అంత సబ్సిడీ నిజంగా వచ్చుంటేనండీ, అవతలి పార్టీవాళ్ళు మా హయాంలో మంజూరైందేనని ఈపాటికి సెంటర్లో ఫ్లెక్సీ కట్టేవారు కదండీ." కమిటీ సిగ్గుపడి దీన్ని మొదటి పరీక్షగా నమోదు చేసింది. పెద్ద హామీ నిజంగా ఇస్తే ఒక్క బొమ్మలో ఒంటరిగా ఉండదు. ఇచ్చినవాడు పదిచోట్ల చెప్పుకుంటాడు, కిట్టనివాడు పదిచోట్ల తిడతాడు. జీవో వచ్చిందంటే దానికి శాఖ పేరు, నంబరు, తేదీ ఉంటాయి. ఇవేవీ లేకుండా మా గ్రూపుకు మాత్రమే తెలిసిన పథకం ప్రభుత్వానికి కూడా తెలియదనే అర్థం.

పట్టుబడ్డాక "సరదాకి పెట్టానండీ" అనే రకం ఒకటుంది. దీని మీద కమిటీ కఠినంగా ఉంది. సరదా అన్న మాట బొమ్మ మీదే ఉండాలి, నిలదీశాక నోట్లోంచి ఊడిపడకూడదు. ఈ మీమును గ్రూపులో వేసిన కుర్రాణ్ణి పిలిచి అడిగాం. లిఫ్టు బొమ్మ వేసింది తనేనని గర్వంగా ఒప్పుకున్నాడు. సబ్సిడీ బొమ్మ ఎక్కడిదంటే, "ఎవరో పంపారండీ, రైతులకు పనికొస్తుందని" అన్నాడు. నవ్వించినదానికి పూచీ పడ్డాడు, ముంచబోయినదానికి మాత్రం ఎవరూ లేరు.

మా బాబాయి ఒక్కడే ఇలా పడ్డాడని ఎవరైనా నవ్వితే, 2012 నాటి చైనా సంగతి గుర్తు చేస్తున్నాను. ది ఆనియన్ అనే అమెరికా వ్యంగ్య పత్రిక ఉత్తర కొరియా నేత కిమ్ జోంగ్ ఉన్‌ను ఆ ఏటి అందగాడిగా ప్రకటిస్తే, చైనా అధికార పత్రిక పీపుల్స్ డైలీ వెబ్‌సైటు నిజమనుకుని 55 ఫోటోలతో అభినందించింది. అంత పెద్ద ఆఫీసుకే "ఆయ్" వినపడలేదు.

నివేదిక రాసి ముగించే వేళకు మా తోటలో దింపుకు వచ్చే పెద్దాయన టీకి ఆగాడు. నలభై ఏళ్ళుగా చెట్లెక్కుతున్నాడు, కాళ్ళకు బంధం వేసుకుని. ఆయనకు ఆ లిఫ్టు బొమ్మ చూపించాను. ఫోను దూరంగా పట్టుకుని, నిదానంగా చదివి, నాకు తిరిగిచ్చాడు.

"బాగుందండి. మరి కరెంటు పోతే మేం పైన ఉండిపోవాలా, కిందనాండీ?"

ముఖంలో ఎక్కడా నవ్వు లేదు. కమిటీ దీన్ని ఏ ఖాతాలో వేయాలో ఇంకా తేల్చలేదు.