ఫ్యాను సాక్షిగా ఒక కథ

బ్రాడీపేటలో మా పక్క వాటా అక్కయ్యగారి అబ్బాయి డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. అమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడుతూ ఇంటి మీద బెంగ పెట్టుకున్న కొడుకు గురించి కథ రాసి, ‘బాబాయ్, చదివి నిర్మొహమాటంగా చెప్పండి’ అని నాకు పంపాడు. నిర్మొహమాటం గుంటూరు వాళ్లను అడిగి పుచ్చుకోవాల్సిన వస్తువు కాదు. పైగా ఆ కాల్ జరుగుతున్నప్పుడు ఫోన్ పట్టుకుని నిలబడింది నేనే. కాబట్టి సాహిత్యం సంగతి వదిలేసి, ప్రత్యక్ష సాక్షిగా నా అభ్యంతరాలు నమోదు చేస్తున్నాను.

కథలో జనవరి నెల. డల్లాస్‌లో ఆదివారం రాత్రి తొమ్మిది. ఇక్కడ అమ్మ సంధ్యాదీపం వెలిగించి, ఆవకాయ కలుపుతూ కొడుకుతో మాట్లాడుతుంటుంది. చలికాలంలో డల్లాస్‌కూ మనకూ పదకొండున్నర గంటల తేడా. వాడికి రాత్రి తొమ్మిదంటే మనకు సోమవారం పొద్దున ఎనిమిదిన్నర. ఆ వేళప్పుడు సంధ్యాదీపం పెట్టే ఇల్లు గుంటూరు జిల్లాలో లేదు. ఇక జనవరిలో మామిడి చెట్టుకు ఉండేది పూత. పూతతో ఆవకాయ పెట్టిన తల్లి ఇంకా పుట్టలేదు. కాయ ముదిరి టెంక గట్టిపడేది ఏప్రిల్, మే నెలల్లో. కలిపాక మూడో రోజు తిరగ కలిపి ఉప్పు చూడాలి. ఇవన్నీ తెలిసిన పిల్లాడే. బెంగలో క్యాలెండర్ తప్పాడు.

అసలు కాల్ వచ్చింది డల్లాస్ లెక్కలో మార్చి రెండో ఆదివారం. ఆ రోజున అమెరికా వాళ్లు గడియారం ఒక గంట ముందుకు తిప్పుతారు. మనం తిప్పం. వాడు మామూలుగానే రాత్రి తొమ్మిదికి చేశాడు, ఇక్కడ మాత్రం ఏడున్నరకే మోగింది. కుళాయి వచ్చే టైము. బిందె కింద పెట్టి అక్కయ్యగారు పరుగెత్తుకొచ్చారు.

“ఏరా, గంట ముందే చేశావు, ఒంట్లో బాగాలేదా?”

బాగానే ఉందని నమ్మించడానికే నాలుగు నిమిషాలు పట్టింది. కథలో ఈ నాలుగు నిమిషాలూ లేవు.

‘తెర మీద అమ్మ ముఖంలోని ముడతలు చూసి నా కళ్లు చెమర్చాయి’ అని రాశాడు. ఇది పచ్చి అబద్ధం. తెర మీద ఉన్నది ఆవిడ నుదుటి బొట్టు, ఆ పైన సీలింగ్ ఫ్యాను. మాట సరిగ్గా వినపడకపోతే ఆవిడ ఫోన్ చెవికి ఆనించుకుంటారు, అప్పుడు వాడికి చెవి దుద్దు కనిపిస్తుంది. అది చూడలేకే చివరికి ఫోన్ నేను పట్టుకున్నాను.

కళ్లు చెమర్చిన మాట నిజమే కానీ, దానికి కారణం ఫ్యాను. మాట్లాడుతూ మాట్లాడుతూ వాడు ఆగిపోయాడు.

“అమ్మా, ఫ్యాను తిరుగుతోంది కదా, చప్పుడేదీ?”

“చప్పుడుకేం, కిర్రు కిర్రు మని కొట్టుకుంటూనే ఉంది.”

వాడు పదో తరగతి నుంచి ఇంజనీరింగ్ దాకా ఆ కిర్రు కిందే నిద్రపోయాడు. వీడియో కాల్ యాప్ మనిషి గొంతును మాత్రం ఉంచి, వెనక ఆగకుండా వచ్చే మోతను తుడిచేస్తుందట. దాన్ని నాయిస్ సప్రెషన్ అంటారని వాడే నాకు చెప్పాడు. యాప్ దృష్టిలో మాట ఒక్కటే పనికొచ్చేది, తతిమ్మాదంతా చెత్త. ‘ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి’ అన్నాడు. మాట్లాడలేదు. నేను స్టూలెక్కి ఫోన్‌ని రెక్కలకు జానెడు దూరం దాకా తీసుకెళ్లాను. అయినా వినపడలేదన్నాడు. తర్వాత వాడి గొంతూ సరిగ్గా రాలేదు. దానికి యాప్‌ను తప్పు పట్టలేం.

ఈ ఘట్టం కథలో ఒక్క ముక్క లేదు. స్టూలు మీద నేను పడిన అవస్థ కూడా లేదు.

అక్కయ్యగారికి మాత్రం ఒకటే అర్థమైంది, పిల్లాడికి ఫ్యాను చప్పుడుతో ఏదో ఇబ్బంది ఉందని. మర్నాడే ఎలక్ట్రీషియన్ని పిలిపించారు. బేరింగులు అరిగిపోయాయన్నాడు, మార్చేశాడు. తర్వాతి వారం ఫోన్ ఎత్తగానే ఆవిడ మొదట చెప్పిన వార్త అదే.

“కొత్త బేరింగులు వేయించాను నాన్నా. ఇప్పుడు తిరుగుతున్నట్టే తెలియదు.”

వాడు కాసేపు పలకలేదు. నెట్ పోయిందేమోనని నేను ఫోన్ అటూ ఇటూ ఊపాను.

“మంచి పని చేశావమ్మా,” అన్నాడు. మళ్లీ కొంచెం ఆగి, “పాత బేరింగులు ఉన్నాయా?”

“అవెందుకురా? ఎలక్ట్రీషియన్ పట్టుకుపోయాడు.”