గీజర్ సాకెట్ వేడెక్కుతుంటే ఎంసీబీకి తెలియదు

"గీజర్ ప్లగ్ దగ్గర వెచ్చగా ఉంటే కంగారు పడకండి, పెద్ద లోడుకి అది మామూలే. నిజంగా ప్రమాదమైతే ఎంసీబీ పడిపోతుంది. కాలిన వాసన వస్తే ప్లగ్ పిన్నుల చీలికలో స్క్రూడ్రైవర్ పెట్టి కాస్త వెడల్పు చేయండి, బిగుతుగా కూర్చుంటుంది. అప్పటికీ తగ్గకపోతే సాకెట్ ఒక్కటి మార్చుకుంటే సరి."
(బెంగళూరు తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తిరుగుతున్న వాట్సాప్ సందేశం)

ముందు ఎంసీబీ సంగతి. జనం నిశ్చింతగా ఉండేది దాన్ని నమ్ముకునే కదా.

ఎంసీబీ అంటే కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్. అది సాకెట్ వేడిని చూడదు, తన గుండా పోయే కరెంటును మాత్రమే చూస్తుంది. అద్దె ఇళ్లలో ఎక్కువగా కనిపించే 15 లీటర్ల గీజర్ 2000 వాట్లది అనుకుందాం. 230 వోల్టుల దగ్గర అది 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. సాకెట్ వెనక స్క్రూ వదులై అక్కడ అర ఓం నిరోధం చేరిందనుకోండి. గీజర్‌కి వెళ్లే కరెంటు దాదాపు 8.5కి తగ్గుతుందే తప్ప పెరగదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అందులో తప్పేమీ కనిపించదు. కానీ ఆ స్క్రూ దగ్గర మాత్రం సుమారు 36 వాట్ల వేడి పుడుతుంది. మొబైల్ రిపేర్ షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంతకంటే ఎక్కువ వేడి గోడలోని ప్లాస్టిక్ పెట్టెలో చిక్కుకుపోతుంది. నీళ్లు ఎప్పటిలాగే కాగుతాయి కాబట్టి స్నానం చేసేవాళ్లకి ఏ తేడా తెలియదు. షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీ కూడా ఇక్కడ పనికిరాదు. అది పట్టుకునేది కరెంటు లీకేజీని. వదులు కనెక్షన్‌లో ఎంత కరెంటు వెళ్తే అంతే తిరిగి వస్తుంది.

ఇది ఒక్కరోజులో జరిగేది కాదు. గీజర్ వేసినప్పుడల్లా వైరు, స్క్రూ వేడెక్కి సాగుతాయి, ఆపాక చల్లారి కుదించుకుంటాయి. ఆ కదలికకి స్క్రూ పట్టు ఇంకొంచెం సడలుతుంది. వేడి తగిలిన రాగి నల్లబడుతుంది, ఆ నల్లటి పొర కరెంటుని సరిగ్గా పోనివ్వదు, అందుకని వేడి ఇంకా పెరుగుతుంది. మామూలు పీవీసీ వైరు తొడుగు 70 డిగ్రీల వరకే ఉద్దేశించింది. అది దాటితే పెళుసై, పగిలి, చివరికి మాడుతుంది. వాసన వచ్చిందంటే ఈ దశకి చేరినట్టే. కొన్ని సాకెట్ల ప్లాస్టిక్ వేడెక్కితే ముందు చేపల నీచు లాంటి వాసన వస్తుంది. ఇంట్లో చేపలు వండకపోయినా ఆ వాసన వస్తుంటే స్విచ్ బోర్డులు చూడండి.

వెచ్చదనం అసలే ఉండకూడదని కాదు. గీజర్ అరగంట నడిచాక పిన్నులు గోరువెచ్చగా ఉండొచ్చు. ఒక పిన్ను రెండోదానికంటే బాగా వేడిగా ఉన్నా, ప్లేటు మీద చెయ్యి నిలవకపోయినా, పసుపు మరక పడినా, వాసన ఏ కొంచెం వచ్చినా అది మామూలు కాదు.

పిన్నులు వెడల్పు చేయడం వల్ల ప్లగ్ గట్టిగా కూర్చున్నట్టు అనిపిస్తుంది. నిజానికి పిన్ను రెండు మూడు చోట్లే తగులుతుంది, సాకెట్ లోపలి ఇత్తడి పట్టీలు శాశ్వతంగా విచ్చుకుంటాయి. పైగా ఒకసారి కాలిన పట్టీకి స్ప్రింగు గుణం పోతుంది, ఎంత వెడల్పు చేసినా తిరిగి పట్టదు.

సాకెట్ ఒక్కటే మార్చడం సగం పని. నల్లబడ్డ పాత ప్లగ్‌ని కొత్త సాకెట్‌లో పెడితే కొత్తది కూడా పాడవుతుంది, కాబట్టి ప్లగ్ టాప్ కూడా మార్చాలి. ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, కానీ పక్కన నిలబడి చూడండి. ఆపాల్సింది స్విచ్ కాదు, మెయిన్. కొన్ని ఇళ్లలో స్విచ్ పొరపాటున న్యూట్రల్ వైరు మీద ఉంటుంది, అప్పుడు స్విచ్ ఆపినా సాకెట్‌లో కరెంటు ఉంటుంది. టెస్టర్ పనిచేస్తోందో లేదో కరెంటున్న వేరే సాకెట్ మీద ముందే చూసుకోవాలి.

కాలిన వైరుని తొడుగు మెత్తగా, రాగి మెరుస్తూ కనిపించేదాకా కత్తిరించాలి. నల్లటి చివరనే మళ్లీ బిగిస్తే రోగం అలాగే ఉంటుంది. పొడవు చాలకపోతే లాగి అందించకూడదు, కొత్త వైరు వేయించాలి. తొడుగు దాదాపు ఒక సెంటీమీటరు తీసి, పోగులన్నీ మెలిపెట్టి, ఒక్క పోగూ తెగకుండా లోపలికి పంపాలి. స్క్రూ తొడుగు మీద కాదు, రాగి మీదే పడాలి. బిగించాక వైరుని గట్టిగా లాగి చూసి, ఇంకోసారి బిగించాలి. వైరు కొసకి సోల్డర్ పూసి బిగిస్తామంటే వద్దనండి. ఆ మెత్తటి లోహం స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా అణిగి, జాయింటు మళ్లీ వదులవుతుంది.

పని అయ్యాక గీజర్‌ని అరగంట నడిపి, మెయిన్ ఆపి, ప్లగ్ తీసి తాకి చూడండి. పిన్నులు చల్లగా ఉండి, సాకెట్ పక్కనున్న స్విచ్ ప్లేటు మాత్రం వేడిగా ఉంటే వదులు కనెక్షన్ ఆ స్విచ్ స్క్రూ దగ్గర ఉంది. అదీ విప్పి చూడాల్సిందే.