సంస్థానం కడియాలట, జత పద్నాలుగు వేలట!

నిన్నటి నుంచి కడుపు మండిపోతోంది, ఇక్కడ కక్కేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు. మా బావ ఎంవీపీ కాలనీలో ఫ్లాట్ కొన్నాడు, నిన్న గృహప్రవేశం. పులిహోర బాగుంది, అది వేరే విషయం. ఆయన మాత్రం వ్రతం పీటల మీద కన్నా గుమ్మం దగ్గరే ఎక్కువసేపు ఉన్నాడు, వచ్చిన ప్రతివాడికీ తలుపు చూపించాలి కదా. టేకు తలుపు, రెండు రెక్కలు, రెక్కకో ఇనప కడియం, దాని వెనక అరచేయంత బిళ్ళ, బిళ్ళకి నాలుగు మూలలా నాలుగు రివెట్లు. రెండొందల ఏళ్ళ నాటివట. ఏదో సంస్థానం కోట తలుపుకి కమ్మరి చేత్తో కొట్టి చేసినవట. యాంటిక్ షాపువాడు "మీరు గనక" పద్నాలుగు వేలకి ఇచ్చాడట.

నేను కడియం చేత్తో పట్టుకుని లోపలి వైపు గోరు పెట్టి లాగాను. గోరు తగిలింది. కడియం చుట్టూతా, సరిగ్గా మధ్యలో, సన్నటి గట్టులాంటి గీత. బయటి వైపు గ్రైండర్ పెట్టి నున్నగా తీసేశారు, లోపలి వైపు గ్రైండర్ రాయి పట్టదు కాబట్టి వదిలేశారు. ఆ గీత నాకు తెలీకపోవడమేంటి, ఆటోనగర్‌లో ఫౌండ్రీ పని చేసేవాణ్ణి, నా కుర్రాళ్ళు పొద్దున లేస్తే పోత ముక్కల్ని గీకి శుభ్రం చేసే ఫెట్లింగ్‌లో తీసేది దాన్నే! ఇసుక అచ్చు రెండు పెట్టెల్లో ఉంటుంది, పైపెట్టె, కింది పెట్టె. రెండూ కలిసేచోట ఎంత సరిగ్గా మూసినా సన్నటి సందు ఉంటుంది, కరిగిన ఇనుము అందులోకి కాస్త చొరబడి గడ్డకడుతుంది. అదే పార్టింగ్ లైన్. పెట్టెలు కొంచెం పక్కకి జరిగితే ఇంకా మంచిది, పై సగం ఒకవైపుకి కింది సగం ఇంకోవైపుకి తప్పి మెట్టులా తెలుస్తుంది. బావ తలుపు ఎడమ కడియంలో ఆ మెట్టు కూడా ఉంది.

"బావా, ఇది పోత ఇనుము" అన్నాను. మెల్లగానే అన్నాను, వియ్యాలవారి ముందు పరువు తీయడం ఎందుకని. ఆయన నవ్వి "నువ్వు మ్యాన్‌హోల్ మూతలు పోసుకునేవాడివి, నీకు యాంటిక్ ఏటి తెలుస్తుంది రా" అన్నాడు, పదిమందిలో. సరే. మూతలు పోసుకునేవాడికి కాకపోతే పోత ఇంకెవడికి తెలుస్తుందండీ? రియల్ ఎస్టేట్ చేసేవాడికా?

తర్వాత రుజువులు చూపించాడు. మొదటి రుజువు, అయస్కాంతం. ఫ్రిజ్ మీద బొమ్మ పీకి తెచ్చి అంటించి "చూశావా, అసలైన ఇనుము" అన్నాడు. పోత ఇనుముకీ అంటుకుంటుంది, కమ్మరి సుత్తితో కొట్టే చేత ఇనుముకీ అంటుకుంటుంది, వంటింట్లో మూకుడుకీ అంటుకుంటుంది. ఇత్తడి కాదని తేలింది, సంతోషం. రెండో రుజువు, తుప్పు. విశాఖపట్నంలో తుప్పు చూసి వయసు కట్టేవాణ్ణి ఏమనాలి? కురుపాం మార్కెట్లో కొన్న కొత్త మేకుని బాల్కనీలో పెట్టి ఓ వానాకాలం గడిపితే చాలు, అది కూడా సంస్థానం మేకే అవుతుంది. పాత తుప్పు ముదురు గోధుమ రంగులో, నల్లగా, లోహాన్ని అంటిపెట్టుకుని గట్టిగా ఉంటుంది. ఉప్పునీళ్ళో యాసిడో పోసి తెప్పించినది నారింజ రంగులో అంతటా ఒకే తీరుగా ఉండి, వేలు రాస్తే పొడి రాలుతుంది. నా వేలికి అంటిన పొడి చూపిస్తే "చెయ్యి కడుక్కో, బూరెలు వడ్డిస్తున్నారు" అంటాడు.

మూడోది అసలు రుజువట. సుత్తి దెబ్బలు. కడియం మీద, బిళ్ళ మీద సొట్టలు సొట్టలుగా ఉన్నాయి నిజమే. ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. ఎడమ రెక్క కడియం మీద, కింది వంపులో, మూడు సొట్టలు పక్కపక్కన, మూడోది కాస్త ఒరిగి ఉంది. కుడి రెక్క కడియం చూశాను. అదే వంపులో, అవే మూడు సొట్టలు, మూడోది అదే వైపు ఒరిగి ఉంది! ఏ కమ్మరి అయినా రెండు వేర్వేరు కడియాల మీద ఒకే చోట, ఒకే లోతున, ఒకే వాలులో దెబ్బలు వేయగలడా? ఎప్పుడో ఒక అసలు కడియాన్నే ప్యాటర్న్‌గా ఇసుకలో అచ్చు వేసి, దాన్నుంచి వందలకొద్దీ పోశారు, అందుకే అసలుదాని సొట్టలు ప్రతి నకలుకీ వచ్చాయి. సొట్టల అంచులు మెత్తగా కరిగినట్టున్నాయి, మొత్తం మీద ఇసుక గరుకు సన్నగా తగులుతోంది. ఇలా పోసిన నకలు అసలు కన్నా ఓ పిసరు చిన్నదిగా కూడా ఉంటుంది, పోత ఇనుము చల్లారేటప్పుడు అడుగుకి దాదాపు ఎనిమిదో వంతు అంగుళం కుంచించుకుంటుంది మరి. ఇంకో సంగతి, ఆ ఇనుముని ఎర్రగా కాల్చి సుత్తితో కొడితే సాగదు, పగిలి ముక్కలవుతుంది, అందులో కార్బన్ రెండు శాతం పైమాటే. అంటే పోత కడియం మీద సుత్తి దెబ్బ కనబడిందంటే అది ఆ కడియానికి తగిలిన దెబ్బ కానే కాదు.

ఇక రివెట్లు. బిళ్ళకి నాలుగున్నాయి అన్నాను కదా, లేవు. నాలుగు బుడిపెలున్నాయి. నిజం రివెట్ వేరే ముక్క, దాని తలకీ బిళ్ళకీ మధ్య వెంట్రుకంత సందైనా ఉంటుంది, తుప్పు మొదట చేరేది అక్కడే కాబట్టి చుట్టూ నల్లటి గీత తెలుస్తుంది. ఇక్కడ తల అడుగున సందు లేదు సరికదా, బిళ్ళలోకి నున్నటి వంపుతో కలిసిపోయింది, ప్యాటర్న్ ఇసుకలోంచి సాఫీగా బయటికి రావాలని అలా వంపు పెడతారు. తలలు నాలుగూ ఒకేలా ఉన్నాయి. తలుపు వెనక్కి వెళ్ళి చూశాను, రివెట్ అంటూ ఉంటే చెక్క దాటి అవతల తేలాలి, అక్కడ దాన్ని కొట్టి చదును చేయాలి. అవతల నున్నటి పాలిష్ టేకు. మరి బిళ్ళ దేనిమీద నిలబడిందయ్యా అంటే, కడియం ఎత్తి చూస్తే వెనకాల రెండు స్టార్ స్క్రూలు! కోటలో దివాన్ గారు స్క్రూడ్రైవర్‌తో బిగించుంటారు.

అప్పుడు బావ స్నేహితుడొకడు, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాట్ట, మధ్యలో దూరి "స్పానర్‌కి కూడా గీత ఉంటుంది కదండీ, అది ఫోర్జింగే కదా" అన్నాడు. మాట నిజమే, నేను కాదనలేదు. డ్రాప్ ఫోర్జింగ్‌లో ఎర్రటి ఇనుముని రెండు డైల మధ్య పెట్టి మోదుతారు, పక్కలకి తన్నుకొచ్చిన రేకుని కత్తిరిస్తారు, కాబట్టి అక్కడా గీత ఉంటుంది. కానీ అది వెడల్పుగా, చదునుగా, కోసినట్టు పట్టీలా ఉంటుంది, గోరుకి తగిలే సన్నటి గట్టు కాదు. పైగా అది మిషను పని, కమ్మరి దాగలి మీద చేసే పని కాదు. అలాగే రివెట్ తలలు ఒకేలా గుండ్రంగా ఉన్నంత మాత్రాన మోసం అనలేం, పాత రైలు వంతెనల మీద వేలకొద్దీ తలలు ఒకేలా ఉంటాయి, గుంట ఉన్న స్నాప్ తల మీద పెట్టి కొడితే అలాగే వస్తాయి. అందుకే ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకూడదు. ఇక్కడ గీత ఉంది, జంట సొట్టలున్నాయి, ఉత్తుత్తి రివెట్లున్నాయి. ఇంకేం కావాలి, కడియమే నోరు తెరిచి చెప్పాలా? ఇదంతా చెప్తే ఆ మేష్టారు ఫోన్ చూసుకున్నాడు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని గోడల మీద చదువుతూ పెరిగినవాళ్ళం, ఊళ్ళో అంత పెద్ద స్టీల్ ప్లాంట్ పెట్టుకుని పోత ఏదో కొట్టుడు ఏదో తెలీని జనం మనం.

అయినా పద్నాలుగు వేలు పోతే పోనీండి, ఆయన డబ్బు. అసలు నా బాధ అది కాదు. చోడవరం దగ్గర మా ఊళ్ళో తాతల నాటి ఇల్లు పడగొట్టినప్పుడు సామాను బేరం పెట్టింది ఎవరనుకున్నారు? ఈ బావే. ఆ వీధి తలుపుకి గొళ్ళెం ఉండేది, కడియం ఉండేది. కడియంలో ఒకచోట కొంచెం ఉబ్బు, రెండు కొసలూ పలచగా కొట్టి, ఒకదాని మీద ఒకటి వేసి, కొలిమిలో తెల్లగా కాల్చి అతికిన చోటు అది. గీత అంటూ ఉంటే అక్కడొక్కచోటే, ఏటవాలుగా, వెతికితే గానీ దొరకదు. గొళ్ళెం పట్టీకి కన్నం డ్రిల్‌తో వేసింది కాదు, కాలుతుండగా పంచ్ పెట్టి పొడిచింది, అందుకే కన్నం పక్కన పట్టీ వెడల్పయి ఉబ్బింది, గారెకి వేలితో చిల్లు పెడితే పిండి పక్కకి జరుగుతుంది చూడండి, అలా. డ్రిల్ వేస్తే లోహం తురుమై బయటికి పోతుంది, పట్టీ అంచు తిన్నగానే ఉంటుంది.

ఇక ఆ తలుపు రివెట్లు! తలకి నాలుగైదు పలకలు, ఒక్కో పలకా ఒక్కో సుత్తి దెబ్బ. ఏ రెండు తలలూ ఒకేలా ఉండేవి కావు. ఒకటి కాస్త పక్కకి వాలి ఉండేది, తాత పడక్కుర్చీలోంచి దాన్ని చూపించి "కమ్మరికి ఆవేళ కల్లెక్కువైంది" అని నవ్వేవాడు. తలుపు లోపలి వైపు ప్రతి రివెట్‌కీ చిన్న చదరపు ఇనప బిళ్ళ, దాని మీద రివెట్ కొస కొట్టి పరిచి ఉండేది. వానచుక్క పడే చోట తుప్పు తిని, కడియం మీద కర్ర నారలాగా పొడుగాటి చారలు తేలాయి, పాత చేత ఇనుములో చిట్టెం, అంటే ఇనుము తీసేటప్పుడు మిగిలిపోయిన మడ్డి, పోగులు పోగులుగా కలిసి ఉంటుంది కాబట్టి అలా తేలతాయి, పోత ఇనుములో ఛస్తే రావు.

నేను ఆ పూట పోత వేసే రోజని ఫౌండ్రీలో ఉండిపోయాను. సాయంత్రం ఫోన్ చేసి "బావా, తలుపు ఇనప సామాను పక్కన పెట్టించు, నేనొచ్చి పట్టుకెళ్తా" అన్నాను. "ఎప్పుడో వేసేశానురా, తుక్కు బండివాడికి, కిలో లెక్కన, తుప్పు పట్టిపోయి ఉన్నాయి" అన్నాడు. అదే తుప్పు ఇప్పుడు గుమ్మానికి తగిలించుకుని యాంటిక్ అంటున్నాడు, అప్పుడేమో తుక్కు. ఆ డబ్బులో మా అమ్మ వాటా ఇంతవరకూ ఇవ్వలేదు. తూకం కూడా ఆయన ఒక్కడే దగ్గరుండి వేయించాడు, ఆ లెక్కలో ఏం జరిగిందన్నది ఇంకో పోస్టు, అక్క ఇది చదివి ఫోన్ చేసిన తర్వాత రాస్తాను.