ఏడుగురు మనుషులు, ఆరుగురు సూర్యులు

ప్రళయకాలంలో ద్వాదశాదిత్యులు ఉదయిస్తారని పెద్దలు చెబుతారు. ఈ సంక్రాంతికి మా ఇంటి గ్రీటింగ్ కార్డులో ఆరుగురు ఉదయించారు. అంటే సరిగ్గా సగం ప్రళయం. బాధ్యత గల విశాఖ పౌరుడిగా ఈ సంగతి నలుగురి దృష్టికీ తేవడం నా విధి.

అన్నయ్యా వదినా హైదరాబాదులో ఉంటారు. చెల్లి బెంగుళూరులో, బావ ప్రాజెక్టు పేరు చెప్పి ముంబైలో. విశాఖలో మిగిలింది అమ్మ, నాన్న, నేను. రైలు రిజర్వేషను ఒకప్పుడు 120 రోజుల ముందు తెరిచేవారు, 2024 నవంబరు నుంచి 60 రోజులు చేశారు. అంతకుముందు నాలుగు నెలల ముందు మరిచిపోయేవాళ్లం, ఇప్పుడు రెండు నెలల ముందు మరిచిపోతున్నాం. గోదావరి ఎక్స్‌ప్రెస్ వెయిటింగ్ లిస్టు చూసి అన్నయ్య ఫోన్లోనే పండగ జరిపేశాడు. దాంతో అమ్మ ఆజ్ఞ వేసింది: "మనుషులు రాకపోతే ఫొటోలైనా రమ్మను. అందరం బీచిలో నిలబడినట్టు కార్డు చేయించరా."

డాబాగార్డెన్స్ దగ్గర ఒక స్టూడియో కుర్రాడు ఈ మహత్కార్యానికి పూనుకున్నాడు. వాడు మొదట పెట్టిన వెనకబొమ్మలో ఎర్రటి సూర్యుడు సముద్రంలోకి దిగిపోతున్నాడు. అది ఏ గోవాదో అయ్యుంటుంది. మన సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలోకి దిగడు, సాయంత్రానికి ఊరి వెనక కొండల దారి పడతాడు. ఈ మాట చెప్తే వాడు నొచ్చుకుని, మర్నాడు తెల్లవారకముందే ఆర్కే బీచికి వెళ్లి, కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కనబడేలా తానే ఫొటో తీసుకొచ్చాడు. ఆరున్నర దాటిందేమో, సూర్యుడు నీళ్లకి జానెడు పైన ఉన్నాడు. ఇక్కడి వరకూ ధర్మం నాలుగు పాదాలా నడిచింది.

తర్వాత మనుషుల్ని తెచ్చి అతికించాడు. అమ్మా నాన్నా నేనూ మేడ మీద సాయంత్రం ఎండలో దిగాం, కాబట్టి మా ముక్కుల నీడలు ఎడమకి పడ్డాయి. అన్నయ్య మిట్టమధ్యాహ్నం బాల్కనీలో దిగాడు, కళ్ల కింద రెండు నల్లటి గుంటలు. వదినది ఎవరి పెళ్లిలోనో ఫ్లాష్ కొట్టి తీసినది, నుదురు స్టీలు గిన్నెలా మెరుస్తోంది. చెల్లి ఆఫీసులో ట్యూబులైటు కింద దిగి కాస్త ఆకుపచ్చగా వచ్చింది. బావ కారులో కూర్చుని కిటికీ వెలుగులో సెల్ఫీ పంపాడు, సగం మొహం పగలు, సగం రాత్రి. ఇవి అయిదు. వెనక సముద్రం మీద ఉన్నవాడు ఆరోవాడు. పాపం, ఆయన వెలుగు మాత్రం ఎవరి మీదా పడలేదు.

వీపు వెనక సూర్యుడుంటే మొహాలు మసకబారాలి, జుట్టు అంచులు మెరవాలి, నీడలు చూసేవాళ్ల వైపు సాగాలి. అంత కిందుగా ఉన్న సూర్యుడికి మనిషి నీడ మనిషికి ఎన్నో రెట్లు పొడవుంటుంది. మావాడేమో నీడలన్నీ వెనక్కి, సముద్రం వైపు, మూరెడేసి పరిచాడు. సూర్యుడి మీదే నీడ వేసిన ఘనత మా వంశానికి దక్కింది. చెల్లి పాదాల కిందైతే నీడే లేదు. ఇసుకకి బెత్తెడు పైన నిలబడి నవ్వుతోంది, దేవకన్యలా.

ఈ వెలుగుల గొడవ కళ్లున్నవాళ్లకి ఎలాగూ తెలుస్తుంది. నన్ను అసలు కలవరపెట్టింది సముద్రం గీత.

నీళ్లూ ఆకాశమూ కలిసే ఆ గీత ఎప్పుడూ కెమెరా ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులోనే కనబడుతుంది. కుర్రాడు ఫోను కంటి ముందు పట్టుకుని తీశాడు, అంటే సుమారు అయిదడుగులు. ఇసుక చదునుగా ఉన్నంతవరకూ దగ్గర నిలబడ్డవాణ్నీ దూరంగా నిలబడ్డవాణ్నీ ఆ గీత అయిదడుగుల దగ్గరే కోయాలి. ఆ లెక్కన అయిదడుగుల నాలుగంగుళాల నాన్నకి అది కళ్ల మీదుగా పోవాలి. అయిదు పదకొండు ఉన్న బావకి మెడ దగ్గర. నాలుగు పదకొండు ఉన్న అమ్మకి నెత్తి మీద అంగుళం పైన. కార్డులో చూస్తే అది అమ్మ నడుం మీదుగా పోతోంది. నడుం మనిషి ఎత్తులో ఇంచుమించు అరవై వంతులు, నూటికి. ఆ అరవై వంతులే అయిదడుగులైతే మొత్తం మనిషి ఎనిమిదడుగుల పైచిలుకు. బావకేమో గీత తల మీద నుంచి పోయింది, అంటే అయిదడుగులు కూడా లేడు.

ఈ లెక్క కాగితం మీద వేసి ఇంట్లో చూపించాను. అమ్మ శ్రద్ధగా విని, "ఇందులో తప్పేటుందిరా?" అంది. నాన్న పేపరు దించకుండానే, "ఇంట్లో ఉన్న ఎత్తే వేశాడు" అన్నారు.

అయినా నేను వదల్లేదు. కుటుంబం గ్రూపులో ఒక ఉత్తర్వు జారీ చేశాను. అందరూ ఎండలో కాదు, ఆరుబయట నీడలో నిలబడాలి. తీసేవాళ్లు పదడుగుల దూరంలో ఉండి, ఫోను కంటి ఎత్తున పట్టుకోవాలి. చెయ్యి చాచి సెల్ఫీ తీస్తే ముక్కు కెమెరాకి మరీ దగ్గరై ఉబ్బుతుంది, కాబట్టి నిషేధం. పాదాలు కనబడాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే నలిగి చిన్నదైపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి.

అన్నయ్య శనివారం కుదరదన్నాడు. చెల్లి ఆదివారం కుదరదంది. బావకి పదడుగుల దూరంలో నిలబడి ఫొటో తీసే మనిషి ముంబైలో దొరకలేదట. ఏడుగురం ఒక్క వెలుగు మీద ఒప్పందానికి రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది, అప్పటికీ రాలేదు. దీనికన్నా తత్కాల్ టికెట్టు సులువు.

కుర్రాడే ఒక రాజీ చెప్పాడు. "సార్, సూర్యుణ్ని తీసేసి మబ్బు పెట్టేస్తాను. మబ్బులో నీడలు పడవు, పాదాల కింద కాస్త నలుపు పూస్తే చాలు. మొహాల రంగులు ఒక దారికి తెచ్చేస్తాను." వాడి ఆలోచన నూటికి నూరుపాళ్లు సరైనది. కానీ ఉత్తరాయణం మొదలయ్యే పండక్కి సూర్యుణ్నే తీసేస్తావా అని అమ్మ గుడ్లురిమింది. సూర్యుడు ఉండిపోయాడు. ఆయనతో పాటు మిగతా అయిదుగురూనూ.

ముద్రణకి వెళ్లబోతుండగా నాన్న భూతద్దం తెచ్చి, వదిన భుజం మీద ఒక చెయ్యి ఉందన్నారు. వేళ్లూ రెండు గాజులూ ఉన్నాయి, మనిషి లేదు. పెళ్లి ఫొటోలో పక్కన నిలబడ్డవాళ్లది, కత్తిరించేటప్పుడు మిగిలిపోయింది. చెరిపించేస్తానని వదినకి వీడియో కాల్ చేసి చూపించాను.

"అయ్యో వద్దు మరిదీ, అది మా అమ్మ చెయ్యి" అంది వదిన. "ఉండనివ్వండి, మిమ్మల్నందర్నీ చూసినట్టుంటుంది."

ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రానివాళ్లందరూ కార్డులోకి వచ్చాక, పిలవని వియ్యపురాలి చెయ్యి ఒక్కటి బరువా అని నేనూ అనుకున్నాను. అమ్మ కళ్లజోడు సవరించుకుని ఆ చేతినీ, వెనక సముద్రాన్నీ మార్చి మార్చి చూసింది.

"సరే, ఉంచమను" అంది. "కానీ ఆ చెయ్యి గీతకి కిందే ఉండాలి."