వనరులు తగ్గించినంత మాత్రాన యుద్ధం రాదు

"స్ట్రాటజీ గేమ్‌లో ఆటగాళ్లు కొట్టుకోవాలంటే వనరులు తగ్గించేయండి, చాలు. ఎంత తగ్గిస్తే అంత గట్టిగా కొట్టుకుంటారు. మార్కెట్ పెడితే మిగతాది ధరే చూసుకుంటుంది. లేనివాడు ఉన్నవాడి మీద ఎలాగూ పడతాడు."

ఈ వాదన నాకు సరైనదిగా అనిపించదు. ముందు అందులోని "ఎంత తగ్గిస్తే అంత" సంగతి చూద్దాం. నలుగురు ఆడుతున్నారు. ఒక్కొక్కరికి ఒక గని, టర్న్‌కి 2 ఇనుము వస్తుంది. అందరికీ కావలసింది 3. కొరత ఉంది, కానీ అందరికీ ఒకేలా ఉంది. పక్కవాడి గని పట్టుకోవాలంటే సుమారు 8 ఇనుము విలువ చేసే సైన్యం పోతుందనుకోండి. గెలిస్తే వచ్చేది టర్న్‌కి 2. అంటే పెట్టిన ఖర్చు తిరిగి రావడానికే 4 టర్న్‌లు పడుతుంది, ఈలోగా ఖాళీ అయిన మన కోటను మిగతా ఇద్దరు చూస్తూ ఊరుకోరు. కాబట్టి తెలివైన ఆటగాడు కదలడు. అందరూ నెమ్మదిగా కట్టుకుంటూ కూర్చుంటారు. ఇనుము ఇంకా తగ్గిస్తే ఇంకా నెమ్మదిస్తారు, అంతే.

ఇప్పుడు మొత్తం అదే 8 ఉంచి, పంపకం మాత్రం మార్చండి. ఇద్దరి సరిహద్దులో ఉన్న ఒక కనుమలో 6, దూరంగా మూడోవాడి మూలలో 2, నాలుగోవాడికి ఏమీ లేదు, కానీ ధాన్యం దండిగా ఉంది. కనుమ పట్టుకుంటే 8 ఖర్చు రెండు టర్న్‌ల లోపే తిరిగొస్తుంది. పైగా ఆ ఇద్దరిలో ఎవరు వదిలేసినా రెండోవాడు తీసుకుంటాడు, కాబట్టి ఆగడం కూడా ప్రమాదమే. మ్యాప్ మీద ఇనుము ఒక్కటి కూడా తగ్గలేదు, కానీ గొడవ పుట్టింది.

మార్కెట్ మాటకొస్తే, చాలా ప్రోటోటైపుల్లో కొరతను చంపేది అదే. ఆటలోని బ్యాంకు 3 కలపకి 1 ఇనుము ఇస్తుందంటే, ఇనుము ధర ఎప్పటికీ 3 కలప దాటదు. అంతకంటే ఖరీదైన యుద్ధం ఎవరూ చేయరు. 1995లో వచ్చిన కటాన్ అనే బోర్డు గేమ్‌లో బ్యాంకు ఒకే రకం వనరు కార్డులు 4 తీసుకుని కోరినది 1 ఇస్తుంది, రేవు ఉంటే 3కో 2కో ఇస్తుంది. యుద్ధాలు లేని ఆ ఆటకి ఇది సరైన ఏర్పాటే, ఎవరూ పూర్తిగా ఇరుక్కుపోరు. మనకి యుద్ధం కావాలి కాబట్టి బ్యాంకు తీసేయాలి, లేదా ఆ మారకాన్ని మ్యాప్ మీద ఒక రేవులో పెట్టి, ఆ రేవును పట్టుకునే వీలివ్వాలి. అప్పుడు మారకం రేటే తగాదాకి కారణమవుతుంది.

అలాగని మార్కెట్ ఎప్పుడూ శత్రుత్వాన్నే పెంచదు. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆటలో టెక్నీషియం అనే వనరు దొరికే చంద్రులు ఎక్కువగా మ్యాప్ ఉత్తర భాగంలో ఉండేవి. వాటిని పట్టుకున్న పెద్ద ఆటగాళ్ల కూటములు 2012లో ధర నిలబెట్టుకోవడానికి కార్టెల్ కట్టాయి. కొరత సరుకు కొద్దిమంది చేతిలో ఉండి, బయటివాళ్లకి దాన్ని లాక్కునే బలం లేనప్పుడు రాజీయే లాభం.

నా దృష్టిలో అసలు తప్పు మొదట చెప్పిన వాదనలోని చివరి వాక్యంలో, లేనివాడు ఉన్నవాడి మీద ఎలాగూ పడతాడనడంలో ఉంది. ఇనుము కోసం యుద్ధం చేయాలంటే ఇనుమే కావలసిన ఆటలో లేనివాడు ఎలా పడతాడు? కనుమ ఉన్నవాడు కత్తులు చేసుకుంటాడు, లేనివాడి చేతిలో కర్రలుంటాయి. మొదటి కనుమ ఎవరికి దక్కిందో అక్కడే ఆట ముగిసింది, మిగతా టర్న్‌లు లాంఛనం. కొరత పడ్డ వనరు, దాన్ని గెలుచుకునే ఆయుధం రెండూ ఒకటే కాకూడదు. పైన నాలుగోవాడి దగ్గర ధాన్యం ఉందన్నాను కదా, అతనికి ధాన్యంతో పెద్ద సంఖ్యలో కాల్బలం పోగుచేసే దారి ఉండాలి. ఇనుమున్నవాడికి నాణ్యత, ధాన్యమున్నవాడికి సంఖ్య. ఇనుము మాత్రం ఇద్దరికీ గెలుపు పాయింట్లిచ్చే కట్టడాలకి తప్పనిసరి.

దీనితోపాటు ఆకలికి గడువు కూడా పెట్టండి. సైన్యం టర్న్ టర్న్‌కీ ధాన్యం తినాలి, గిడ్డంగిలో 4 టర్న్‌లకి మించి పట్టకూడదు. నిల్వకి హద్దు లేకపోతే ఇనుమున్నవాడు ముందే ధాన్యం పోగేసుకుని తలుపులు మూసుకుంటాడు. అయితే ధాన్యం ఆగిన మరుసటి టర్న్‌లోనే సైన్యం కరిగిపోతే అతనికి దాడి చేసే అవకాశమే ఉండదు. ముందు ఉత్పత్తి తగ్గాలి, రెండు మూడు టర్న్‌ల తర్వాతే సైనికులు విడిచిపోవాలి. ఆ మధ్య వ్యవధిలోనే ఆటగాడు బేరమా, దాడా అని తేల్చుకుంటాడు.

టెస్ట్ చేసేటప్పుడు రెండు విషయాలు రాసుకోండి: ప్రతి బేరంలో పలికిన మారకం రేటు, మొదటి దాడి జరిగిన టర్న్. ఆట మొత్తం రేటు ఒకేచోట అతుక్కుపోతే ఎక్కడో బ్యాంకు లాంటి ప్రత్యామ్నాయం మిగిలి ఉంది. రేటు పెరుగుతూ పోయినా దాడి జరగకపోతే, లేనివాడి చేతిలో ఆయుధం లేదు. మొదటి దాడి గెలుపు ఖాయమైన ఆటగాడి నుంచే వస్తుంటే కనుమ పక్కన ఇనుము అక్కర్లేని సైన్యం ఇంకా చాలడం లేదు.