సవరణ: ఎసిటనిలైడ్ దిగుబడి 97 కాదు, 72 శాతం

"దిగుబడి 97 శాతం కాబట్టి శుద్ధంగానే ఉందని రాశారు. మరి 107–111 డిగ్రీల మధ్య కరిగిందేంటండీ?"

అనిలిన్ నుంచి ఎసిటనిలైడ్ తయారుచేసిన ప్రయోగం గురించి నేను ముందు రాసినదానికి వచ్చిన ప్రశ్న ఇది. తప్పు నాదే. వేడినీళ్లలో పునఃస్ఫటికీకరణ చేశాక, తొందరపడి ఆరకముందే తూచాను. 2.0 గ్రాముల అనిలిన్ నుంచి గరిష్ఠంగా 2.90 గ్రాములు రావాలి. నేను రాసిన 2.8 గ్రాముల్లో నీళ్ల బరువూ ఉంది. రాత్రంతా ఆరబెట్టి తూస్తే 2.1 గ్రాములే, అంటే 72 శాతం. కొంత ఎసిటనిలైడ్ వడకట్టిన నీళ్లలోనే ఉండిపోతుంది, అది మామూలే.

ఆరిన పొడి 113–114 డిగ్రీల దగ్గర కరిగింది. పుస్తకాల్లో ఉన్నది 114. దిగుబడిని చూసి శుద్ధత చెప్పలేం. తడో మలినమో ఉంటే కరగడం ముందే మొదలై చాలా డిగ్రీలు సాగుతుంది. అందుకే మొదటి చుక్క కనబడ్డప్పటి, చివరి స్ఫటికం కరిగినప్పటి ఉష్ణోగ్రతలు రెండూ రాయాలి.